12 లక్షల పనికి 11 లక్షలే అయింది, లక్ష మిగిలినట్టేనా?

కోనసీమ_కొబ్బరి: అమలాపురం దగ్గర మా డాబా ఇల్లు, పై అంతస్తుతో కలిపి మొత్తం 24 లక్షలు, 8 నెలలు. 4 నెలలకి ప్లాన్ ప్రకారం పునాది 5, స్తంభాలు 3, కింది స్లాబు 4, అంటే 12 లక్షల పని అవ్వాలి. ఖర్చు మాత్రం 11 అయింది. లక్ష మిగిలిందని నాన్నగారు సంతోషంగా ఉన్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. స్లాబుకి సెంట్రింగ్ అయింది, రాడ్డు సగం కట్టారు, కాంక్రీటు పొయ్యలేదు.

భీమవరం_సైట్: మిగల్లేదండి. 12 పీవీ, అంటే ఈపాటికి అవ్వాల్సిన పనికి ప్లాన్ ధర. 11 ఏసీ, అంటే నిజంగా పెట్టిన ఖర్చు. ఈ రెండిట్లో పని ఎంతయిందో ఎక్కడా లేదు. అయిన పనికి ప్లాన్ ధర కట్టండి: పునాది 5, స్తంభాలు 3, స్లాబులో పావు వంతు అనుకుంటే 1. అలా కట్టిన విలువే ఈవీ, 9 లక్షలు. 9 లక్షల పనికి 11 పెట్టారు, 12 అవ్వాల్సిన చోట 9 దగ్గరున్నారు.

పాలకొల్లు_కాంట్రాక్ట్: పావు ఏంటండీ! సెంట్రింగే సగం కష్టం. సగం వెయ్యాలి, ఈవీ 10.

భీమవరం_సైట్: కష్టం కాదండీ, డబ్బు లెక్క. సిమెంటు, కంకర, పోత కూలీ అంతా ఇంకా ముందుంది. పదే వేసినా 11 కన్నా తక్కువేగా?

నర్సాపురం_టీచర్: మాకు లోను ఇచ్చిన బ్యాంకు ఇంజనీరు స్లాబు పోసేదాకా సున్నాయే అన్నారు. రెండు నెలలు వాయిదా రాక వడ్డీకి తెచ్చాం. ఆ పద్ధతి చాలా అన్యాయం.

పాలకొల్లు_కాంట్రాక్ట్: చూశారా! సున్నా వేసేవాళ్లకి సైటు తెలీదు. 20 ఏళ్లుగా స్లాబులు పోస్తున్నాను నేను.

భీమవరం_సైట్: సున్నా కూడా పద్ధతేనండీ. కొంచెం కొంచెం చేసి "అయిపోయింది" అనే మాటకి అది అడ్డుకట్ట. సగమైనా, సున్నా అయినా మొదట్లోనే రాసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. అసలు 2 లక్షలు ఎక్కడ పోయాయి?

కోనసీమ_కొబ్బరి: పునాది గోతుల్లో ఊట ఆగలేదండి. ఇంజిన్ పెట్టి పగలూ రాత్రీ తోడాం, అదో 50 వేలు. రేటు పెరుగుతుందని పై అంతస్తుకి లక్షన్నర ఇనుము ముందే కొని షెడ్లో పెట్టాం.

భీమవరం_సైట్: ఈ మాట ముందే చెప్పాల్సింది. ఆ ఇనుముతో పని జరగలేదు కాబట్టి ఈవీలో లేదు, ఏసీలో మాత్రం కూర్చుంది. పక్కన పెడితే 9కి 9.5. తేలిన నష్టం ఊట నీళ్లదే, అది పై అంతస్తులో మళ్లీ రాదు. కాబట్టి 24 కాస్తా 24.5 అవ్వచ్చు. 11ని 9తో భాగించి మిగతా పనికీ అదే రేటు వేస్తే 29 దాటి చూపిస్తుంది, అది చూసి భయపడకండి. 3 లక్షల పని వెనకబడటం మాత్రం నిజం.

పాలకొల్లు_కాంట్రాక్ట్: కొన్న ఇనుము ఖర్చు కాకుండా ఎలా పోతుందండీ? డబ్బు జేబులోంచి వెళ్లింది కదా.

నర్సాపురం_టీచర్: ఇనుము కింద దుంగలు వేసి, పైన టార్పాలిన్ కప్పారా? మాది ఒక్క వానాకాలానికే తుప్పు పట్టింది.

కోనసీమ_కొబ్బరి: నేల మీదే ఉందండి. ఇప్పుడే వెళ్తున్నా.