కొత్త భాషలో బూతుగా వినిపించే మాటలు: క్లాసులో ముందే చెప్పాలా, వద్దా?

నీలిసిరా:
జర్మన్ నేర్చుకుంటున్నాను. ఆన్‌లైన్ సంభాషణ క్లాసులో ఉక్కగా ఉందని చెప్పబోయి "ఇష్ బిన్ హైస్" అన్నాను. ఇద్దరు నవ్వారు, ఒకాయన కెమెరా ఆపేసుకున్నాడు. టీచర్ ఏమీ అనకుండా తర్వాతి వాళ్లను పిలిచారు. దానికి వేరే అర్థం ఉందని, అదీ పడగ్గది అర్థమని ఆ తర్వాత తెలిసింది. ఇలాంటివి మొదటి నెలలోనే క్లాసులో చెప్పేయాలా, వద్దా?

పదాలమూట:
మొదటి నెల కాదు, మొదటి రోజే చెప్పాలి. నా దగ్గర మూడు భాషలకు జాబితా ఉంది. అందులో మొదటి మాట ప్రిజర్వేటివ్. ఆహారంలో కలిపే ప్రిజర్వేటివ్‌లు లేకుండా కావాలని ఫ్రెంచ్‌లో "ప్రెజెర్వతీఫ్" అంటే, కండోమ్ లేకుండా కావాలని అడిగినట్టే. జర్మన్, స్పానిష్, ఇటాలియన్‌లలోనూ ఆ రూపానికి అదే అర్థం. ఫ్రెంచ్‌లో "కోన్సెర్వతర్" అనాలి. ఇది చెప్పడానికి టీచర్‌కి అర నిమిషం పట్టదు. స్పానిష్‌లో "కోహేర్" అనే క్రియ కూడా అంతే, ఎక్కడా వాడకూడదు.

సంధిసమాసం:
ఎక్కడా అనకండి. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి, వస్తువు తీసుకోవడానికి రోజూ వాడే మాట అది. మెక్సికో, అర్జెంటీనాల్లో అదే పచ్చి బూతు. ఎక్కడికి వెళ్తారో తెలియకపోతే "తొమార్" అంటే సరిపోతుంది. ఒకే భాషలోనే ఊరు మారితే అర్థం మారే మాట మీ జాబితాలో ఏ గడిలో పడుతుంది?

నీలిసిరా గారికి జరిగింది జాబితాతో పోయేది కాదు. "హైస్" చెడ్డ మాట కాదు. సూప్ హైస్ అనవచ్చు, ఇస్త్రీపెట్టె హైస్ అనవచ్చు, బయట హైస్‌గా ఉందనవచ్చు. "నేను" అనే కర్త పక్కన పెట్టినప్పుడే తేడా వస్తుంది. ఫ్రెంచ్‌లో "జ సుయి షో", స్పానిష్‌లో "ఎస్తోయ్ కలియెంతే" అన్నా ఇంచుమించు ఇదే గొడవ. మూడు చోట్లా మనం చేసేది ఒకటే, ఇంగ్లీషు "ఐ యామ్ హాట్"ని మాటకు మాట దించేయడం.

తెలుగులో ఎవరైనా "నేను వేడిగా ఉన్నాను" అంటారా? "నాకు వేడిగా ఉంది" అంటాం. జర్మన్ వాళ్లూ అంతే: "మియర్ ఇస్ట్ హైస్", నాకు వేడిగా ఉంది. చలి కూడా "మియర్ ఇస్ట్ కాల్ట్". "ఇష్ బిన్ కాల్ట్" అంటే మనసు లేని మనిషినని చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. ఇంటి భాషలో ఉన్న దారి వదిలి ఇంగ్లీషు మీదుగా తిరిగి వెళ్తున్నాం కాబట్టే గోతిలో పడుతున్నాం.

చెట్టునీడ:
"ఇష్ బిన్ ఫోల్" కూడా కలపండి. కడుపు నిండిందని చెప్పబోతే తాగి ఉన్నానని అర్థమవుతుంది.

రాత్రిబండి:
అసలు మనమెందుకు మారాలి? నా ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మధ్యలో ఒక బూతు ముక్క కనిపిస్తుంది. ఒక వెబ్‌సైటు ఆ పేరుతో ఖాతా తెరవనివ్వలేదు. "సభ్యమైన పేరు ఇవ్వండి" అని సందేశం. తాతల నాటి పేరు నాది!

చెట్టునీడ:
1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ ఊరివాళ్లకు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో ఇదే జరిగింది. ఊరి పేరులో ఒక బూతు మాట అక్షరాలు వరుసగా పడ్డాయని ఫిల్టర్ ఆపేసింది.

పదాలమూట:
రాత్రిబండి గారూ, అడిగింది ఇంటిపేర్ల గురించి కాదండీ.

సంధిసమాసం గారూ, మీ సూత్రం జర్మన్ దాకే. ఫ్రెంచ్‌లో "జే షో" అంటారు, అంటే "నేను వేడిని కలిగి ఉన్నాను". స్పానిష్‌లో "తెంగో కలోర్" కూడా అంతే. అందులో మీ "నాకు" ఎక్కడుంది?

సంధిసమాసం:
"కలిగి ఉన్నాను" అని తెలుగులో ఎవరు మాట్లాడతారు? ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నానంటారా, నాకు ఇద్దరు పిల్లలున్నారంటారా? వాళ్లు "కలిగి ఉండు" అనే చోట మనం "నాకు ఉంది" అంటాం. కాబట్టి అక్కడా పనికొస్తుంది.

పదాలమూట:
సరే, ఇది చూడండి. వచ్చే ప్రయాణం గురించి నేటి పిల్లలు తెలుగులోనే "నేను చాలా ఎక్సైటెడ్‌గా ఉన్నాను" అంటున్నారు. దాన్ని అలాగే ఫ్రెంచ్‌లో "జ సుయి ఎక్సితే" అని, స్పానిష్‌లో "ఎస్తోయ్ ఎక్సితాదో" అని అంటే మళ్లీ పడగ్గదే. మీ ఇంటి భాషలోకే ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఏ దారిలో వెళ్లమంటారు?

సంధిసమాసం:
అక్కడ మీ మాట నిజమే. ఎక్సైట్ అన్న మాట తీసేసి "ఎప్పుడెప్పుడా అని ఉంది" అనుకుంటే ఫ్రెంచ్ "జే ఆత్" దొరుకుతుంది. కానీ అలా అనుకోవాలని గుర్తుండాలి కదా. ఫ్రెంచ్‌లోనే కెనడాలోని క్యుబెక్ వాళ్లు "ఎక్సితే"ని మామూలుగానే వాడతారు, ఫ్రాన్స్‌లోనే ఇబ్బంది.

పదాలమూట:
చూశారా, మళ్లీ జాబితా దగ్గరికే వచ్చారు. నిజం చెప్పనా? మీలాంటి టీచర్లకు ఆ మాటలు నోటితో పలకడానికి సిగ్గు. వ్యాకరణం అడ్డు పెట్టుకుంటున్నారు. నీలిసిరా గారి టీచర్ కూడా అంతే, నోరు తెరవకుండా పక్కవాళ్లను పిలిచేశారు.

సంధిసమాసం:
సిగ్గా? నేను ఫ్రెంచ్ చెప్పిన చోట "బేజే" గురించి బోర్డు మీద రాసి మరీ చెప్పాను. నామవాచకంగా అది ముద్దు, క్రియగా వాడితే బూతు, ముద్దు పెట్టుకోవడానికి "ఆంబ్రాసే" అనాలి. పక్కనే "బేసే" కూడా రాశాను. సౌండు తగ్గించమనడానికి అదే వాడతారు, నడుమ ఉన్న స అక్షరాన్ని జ లాగా పలికితే కథ మారిపోతుంది. ఒక విద్యార్థి అందులో ముప్పై సెకన్లు కత్తిరించి గ్రూపులో పెట్టాడు. ముందూ వెనకా లేకుండా విన్నవాళ్లకు నేను బూతులు నేర్పుతున్నట్టే ఉంది. సంస్థ నన్ను పిలిచి సంజాయిషీ అడిగింది. ఆ విద్యార్థిని ఒక్క మాట అనలేదు. మీరు చెప్పే అర నిమిషం పని ఖరీదు ఇదీ.

నీలిసిరా:
ఆ టీచర్ ఎందుకు ఊరుకున్నారో ఈ కోణంలో నేను ఆలోచించలేదు. అయినా నవ్వులపాలైంది నేనే కదా. ఆవిడ "మియర్ ఇస్ట్ హైస్" అని సరైన వాక్యం ఒక్కసారి పలికి వదిలేసినా చాలేది. చెడ్డ అర్థం వివరించాల్సిన పనే లేదు.

సంధిసమాసం:
అది చేయవచ్చు. నేనైతే మనిషి గురించి, వాతావరణం గురించి, వస్తువు గురించి మూడు వాక్యాలు వరుసగా చెప్పించేదాన్ని. ఎక్కడ రూపం మారుతోందో వాళ్లకే వినపడుతుంది, ఎవరికీ క్లిప్ కత్తిరించే పని ఉండదు.

పదాలమూట:
ఎందుకు నవ్వారో తెలియకుండా వాక్యం దిద్దితే, అలసిపోయిన రోజు మళ్లీ "ఇష్ బిన్" అనేస్తారు. కారణం తెలిస్తేనే నాలుక ఆగుతుంది. పైగా ప్రిజర్వేటివ్ సంగతి మీ మూడు వాక్యాల్లో ఎక్కడా రాదు.

సంధిసమాసం:
రాదు. అది వ్యాకరణం కాదు, వట్టి మాట. దాన్ని మీ జాబితాలోనే ఉంచుకోండి. హైస్‌ని మాత్రం అందులోంచి తీసేయండి. లేకపోతే మీ పాఠకులు సూప్ వేడిగా ఉందనడానికి కూడా భయపడతారు.

పదాలమూట:
తీయను. పక్కన "మనుషులకు మాత్రమే" అని రాస్తాను.

రాత్రిబండి:
మరి నా ఇంటిపేరు సంగతి?