ఎఫిషియెన్సీ రేషియోలో వాస్తవ గంటలంటే జీతమిచ్చిన గంటలా, పని జరిగిన గంటలా?

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాప్‌లో లెక్కలు చూస్తాను. పోయిన నెల రిపోర్టు దగ్గర మా సూపర్‌వైజర్ అన్నకీ నాకూ పేచీ వచ్చింది.

బడ్జెట్ 800 గంటలు, 1,600 బ్రాకెట్లు. అంటే ఒక్కోదానికి అరగంట. తయారైనవి 1,440, కాబట్టి ప్రామాణిక గంటలు 720. హాజరు పట్టీలో 800 గంటలున్నాయి గానీ, కరెంటు పోయి 50 గంటలు ఊరికే కూర్చున్నారు. జీతం మాత్రం మొత్తానికీ ఇచ్చాం.

నా లెక్కలో కెపాసిటీ 750/800, అంటే 93.75%. ఎఫిషియెన్సీ 720/750, 96%. యాక్టివిటీ 720/800, 90%. అన్న మాత్రం 800 గంటలే తీసుకోమంటాడు. అప్పుడు కెపాసిటీ 100%, ఎఫిషియెన్సీ 90% అవుతాయి. కరెంటు తప్పు కుర్రాళ్ల నెత్తిన పడుతుంది, పాపం!

తమాషా ఏంటంటే, కెపాసిటీని ఎఫిషియెన్సీతో గుణిస్తే రెండు పద్ధతుల్లోనూ యాక్టివిటీ 90 శాతమే. సరిచూసుకున్నా తేడా దొరకదు.

ఖాళీ గంటలు తీసేయడమే సరైనదని నా నమ్మకం. కానీ మిషన్ సెటప్‌కి పట్టిన గంటల్ని కూడా తీసేయాలా? మా అరగంటలో సెటప్ కలపలేదు. మీ దగ్గర ఎలా చేస్తారు?