అప్‌డేట్: దుప్పటి, టేబుల్ మీద నెయిల్ పాలిష్

నా ప్రశ్న: బెంగళూరులో అద్దింట్లో ఉంటున్నాం. ఓనర్ ఆంటీ టేకు టేబుల్ మీద, మా కాటన్ దుప్పటి మీద నెయిల్ పాలిష్ ఒలికింది. రిమూవర్ వాడొచ్చా?

అప్‌డేట్: దుప్పటికి వాడాను. కిటికీలు తెరిచి, స్టవ్ ఆపేసి, ముందు లోపలి అంచు మీద చుక్క వేసి రంగు దిగలేదని చూశాను. తర్వాత మరకను టిష్యూ మీద బోర్లించి, వెనక నుంచి అసిటోన్ ఉన్న రిమూవర్ అద్దాను. రుద్దితే పాకుతుంది. అసిటేట్ బట్టయితే మాత్రం కరిగి చిల్లు పడుతుంది, లేబుల్ చూడండి.

టేబుల్‌కి అసలు తాకించలేదు. లక్క, లాకర్ పూతల్ని అసిటోన్ చెడగొడుతుంది. ‘అసిటోన్ లేదు’ అని రాసిన సీసాల్లోనూ చాలావాటిలో ఇథైల్ అసిటేట్ ఉంటుంది, అదీ అంతే. పాలిష్‌ని పూర్తిగా ఎండనిచ్చి, పాత మెట్రో కార్డు అంచుతో ఏటవాలుగా లేపితే పెచ్చులుగా ఊడింది. సన్నటి ఎరుపు జీర మిగిలింది. ఆంటీకి చెప్తే, పాలిష్ మేస్త్రీకి చూపిద్దామన్నారు.