“ఒక క్విజ్ చేసి పంపండి” అంటే ముందు అడగాలా, చేసేయాలా?

అర్ధరాత్రి_దీపం:
నిన్న సాయంత్రం మా పై అధికారి “ఒక క్విజ్ తయారు చేసి పంపండి” అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టారు. దేని మీద, ఎవరికి, ఎన్ని ప్రశ్నలు, ఆప్షన్లు ఇవ్వాలా వద్దా, ఏదీ లేదు. తిరిగి అడిగితే “ఆ మాత్రం తెలీదా” అంటారేమోనని టెన్షన్. అడగాలా, ఏదో ఒకటి చేసి పంపేయాలా?

గీతగీసిన_కాగితం:
అడగాల్సిందే. టాపిక్, స్థాయి, సంఖ్య, రకం. ఈ నాలుగూ రాసి పంపండి, జవాబు వచ్చేదాకా కలం ముట్టుకోకండి. కొలతలు తీసుకోకుండా బట్ట కత్తిరించే దర్జీ ఎవరూ ఉండరు.

పలకబలపం:
గీతగీసిన గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. ఆ నాలుగూ తేలాల్సినవే. కానీ అడిగిన మనిషికే వాటి జవాబులు తెలియకపోతే? తెలిసుంటే మెసేజ్‌లోనే రాసేవారు కదా. నేను చాలా ఏళ్ళుగా ప్రశ్నపత్రాలు రాస్తున్నాను. నాలుగు ప్రశ్నలు వరసపెట్టి అడిగితే దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే: “మీ ఇష్టం అండీ.” మళ్ళీ మొదటికే వస్తాం.

నేను అడిగేది ఒక్కటే: “ఈ క్విజ్ అయ్యాక దాని మార్కులతో ఏం చేస్తారు?” ఏమీ చేయరంటే అది సరదా కోసం. ఎవరికి ఏం రాలేదో చూసి మళ్ళీ చెప్తామంటే అది నేర్పడం కోసం. పాసైన వాళ్ళనే ముందుకు పంపుతామంటే అది పరీక్ష. ఇది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలతాయి. సరదాదైతే ఎక్కువ మందికి సగం పైన వచ్చేలా ఉండాలి, లేకపోతే మూడో ప్రశ్నకే ఫోన్లు తీస్తారు. పరీక్షైతే అందరికీ వచ్చే ప్రశ్న వృథా, ఎవరికీ రానిదీ వృథానే.

మూడోబెంచి:
నా సంగతి వినండి. “పిల్లలకి జీకే క్విజ్ కావాలి” అన్నారు. రెండు రాత్రులు కూర్చుని 50 ప్రశ్నలు రాశాను. తీరా చూస్తే పిల్లలంటే ఆరేళ్ళవాళ్ళు! నేను పదో తరగతి అనుకున్నాను. మొత్తం చెత్తబుట్టలోకి. అప్పటినుంచి అడక్కుండా ఒక్క ప్రశ్న కూడా రాయను.

పలకబలపం:
మూడోబెంచి గారూ, మీరు చేసిన తప్పు అడక్కపోవడం కాదు, 50 రాయడం. అయిదు రాసి చూపించి ఉంటే మొదటి రాత్రే బయటపడేది.

నీలిసిరా:
ఇంతకీ ఏ యాప్‌లో చేయాలని అడుగుతున్నారా? ఫారంలో పెడితే మార్కులు దానంతటదే వేస్తుంది, చాలా తేలిక.

అర్ధరాత్రి_దీపం:
కాదండీ, నేను ఇంకా అంతదాకా రాలేదు. అందులో పెట్టడానికి ప్రశ్నలే లేవు. పలకబలపం గారూ, టాపిక్కే తెలియనప్పుడు ఆ అయిదు దేని మీద రాయను?

పలకబలపం:
వేరు వేరు రంగాల నుంచి తీసుకోండి, తేలిక నుంచి కష్టానికి మెట్లలా పెట్టండి. ఉదాహరణకి:

1. సౌర కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద గ్రహం ఏది?
2. చదరంగం బల్ల మీద మొత్తం ఎన్ని గళ్ళు ఉంటాయి?
3. వజ్రం ఏ మూలకంతో తయారైంది?
4. మన శరీరంలో అతి చిన్న ఎముక ఏ అవయవంలో ఉంటుంది?
5. 1 నుంచి 100 లోపు ప్రధాన సంఖ్యలు ఎన్ని?

జవాబులు: గురుడు, 64, కార్బన్, చెవి, 25. ఇవి ఎవరూ కాదనలేనివి, కాలంతో మారనివి. ఏ గ్రహానికి ఎక్కువ ఉపగ్రహాలు అని మాత్రం అడక్కండి. 2023లో కొన్ని నెలలు గురుడిది పైచేయి, ఆ ఏడాదే మళ్ళీ శనిది. అతి పొడవైన నది అన్నా తగవే, నైలు అనేవాళ్ళూ ఉన్నారు, అమెజాన్ అనేవాళ్ళూ ఉన్నారు. విషయం మీరే ఎంచుకున్నప్పుడు తప్పు కూడా మీ మీదికే వస్తుంది.

పైన ఒక వాక్యం రాయండి: “సరదా కోసం, పెద్దవాళ్ళకి, పది నిమిషాల్లో అయ్యేలా అనుకుని మచ్చుకి అయిదు రాశాను. కాకపోతే చెప్పండి.” ఎలా కావాలో చెప్పలేని మనిషి కూడా ఎదురుగా ఒకటి పెడితే “ఇలా కాదు” అని మాత్రం తప్పక చెప్తారు.

గీతగీసిన_కాగితం:
అంటే ఆయనకి కావలసింది తెలుసుకోవడానికి మనం తప్పు క్విజ్ రాయాలన్నమాట. నాకు నచ్చలేదు. ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి!

తొందరపాటు_బాబాయ్:
ఇంత చర్చ ఎందుకమ్మా? పది ‘అవును, కాదు’ ప్రశ్నలు రాసి పడేయండి, అరగంటలో పని అయిపోతుంది. దిద్దడమూ సులువే.

పలకబలపం:
బాబాయ్, సరదాకైతే పెట్టేయొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. పరీక్షైతే మాత్రం కొంప మునుగుతుంది. పదికి ఆరు పాస్ మార్కు అనుకోండి. ఏమీ తెలియని మనిషి నాణెం ఎగరేసి ‘అవును, కాదు’ పెట్టుకుంటూ పోయినా ఆరు లేక అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం దాదాపు 38 శాతం. అదే పది ప్రశ్నలకి నాలుగేసి ఆప్షన్లు ఇస్తే అది 2 శాతానికి పడిపోతుంది. మూడేసి ఇచ్చినా 8 శాతం దాటదు. నన్నడిగితే నాలుగో ఆప్షన్ కోసం పిచ్చి జవాబు ఒకటి అతికించేకన్నా నమ్మదగ్గ మూడు ఇవ్వడమే మేలు. ఎవరూ ఎంచుకోని ఆప్షన్ ఉన్నా లేనట్టే.

తొందరపాటు_బాబాయ్:
38 శాతమా! నేనింకా పదిమందిలో ఒకడు గట్టెక్కుతాడేమో అనుకున్నా.

అర్ధరాత్రి_దీపం:
అప్‌డేట్ ఇస్తున్నాను. ఆ అయిదే పైన వాక్యంతో సహా ఉదయం పంపాను. గంటలో జవాబు వచ్చింది: “ఇవి కాదు. కొత్తగా చేరినవాళ్ళకి భద్రతా నియమాల మీద కావాలి. శిక్షణ అయ్యాక, మెషీన్ల దగ్గరికి పంపే ముందు పెడతాం. చివరిది మరీ కష్టం, అలాంటివి వద్దు.” విషయం, ఎవరికి, ఎందుకు, మూడూ ఒక్కసారే తేలాయి.

గీతగీసిన_కాగితం:
చూశారా, “దేని మీద” అని ఒక్కటి అడిగి ఉంటే నిన్న సాయంత్రమే తేలేది. పైగా ఇది పరీక్ష. ఒకవేళ ఆయన “బాగుంది” అనేసి, గ్రహాలూ చదరంగమూ అడిగి మనుషుల్ని మెషీన్ల దగ్గరికి పంపి ఉంటే?

పలకబలపం:
ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. ఎవరికైనా దెబ్బ తగిలే అవకాశం ఉన్నచోట మచ్చు పంపి ఊరుకోకూడదు, నోరు తెరిచి అడగాలి. కానీ అలాంటి చోటో కాదో మొదటి మెసేజ్‌లో కనబడదు కదా. అందుకే మార్కులతో ఏం చేస్తారో ముందు అడగమన్నాను, ఆ ప్రశ్న మచ్చుతో పాటే వెళ్ళి ఉండాల్సింది. అది గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటే.

దీపం గారూ, ఇప్పుడు ఒక మాట. భద్రతా నియమాల్లో పదికి తొమ్మిది వచ్చినా, ఆ తప్పిన ఒక్కటి మెషీన్ ఆపే స్విచ్ గురించిందైతే ఆ మనిషిని పంపకూడదు. అలాంటి ప్రశ్నల్ని విడిగా పెట్టి, వాటిలో ఒక్కటి తప్పినా మళ్ళీ శిక్షణకి పంపేలా ఉండాలి. పాస్ మార్కు ఎంతో అడిగారా?

అర్ధరాత్రి_దీపం:
లేదండీ. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.