పెట్ స్కాన్ కాగితంలో “కాకతాళీయం” అని రాయొచ్చా?

హన్మకొండ తెలుగు టీచర్: అందరికీ నమస్కారం. పోయిన నెల మా పెద్దమ్మకు హైదరాబాద్‌లో పెట్ స్కాన్ చేయించినం. అక్కడ చేతికిచ్చిన తెలుగు కాగితంలో “మందు అర్ధాయువు 110 నిమిషాలు” అని ఉంది. పెద్దమ్మ ఆ ఆయువు తనదే అనుకుని, “సగం ఆయుష్షేనా బిడ్డా” అని అడిగి, దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే ఇట్లాంటి కాగితం ఒకటి నేనే రాద్దామని కూర్చున్న. రెండు చోట్ల ఆగిపోయిన. ఒకటి ఈ హాఫ్ లైఫ్. రెండోది కోయిన్సిడెన్స్ డిటెక్షన్, దానికి “కాకతాళీయ గుర్తింపు” అని పెట్టిన. మీకు సరే అనిపిస్తుందా?

జనగామ నిఘంటు ప్రేమి: కోయిన్సిడెన్స్ అంటే కాకతాళీయమే మేడం, అనుమానం వద్దు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. రెండూ ఒక్కసారే జరిగినయి. ఈ మిషన్ కూడా ఒక్కసారే వచ్చిన రెండు వెలుగులను పట్టుకుంటుందని చదివిన. అచ్చంగా సరిపోయింది.

కరీంనగర్, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్: సార్, “ఒక్కసారే” అన్న ముక్క వరకు మీరు చెప్పింది కరెక్ట్. కానీ ఆ కథలో అసలు సంగతి ఏంది? కాకి వాలినందుకు పండు రాలలేదు, రెండింటికీ సంబంధం లేదు. సంబంధం లేకుండా ఒక్కసారి జరిగితేనే కాకతాళీయం. మా మిషన్ వెతికేది దానికి పూర్తిగా తిరుగు.

పొద్దుగాల ఒంట్లోకి ఎక్కించిన మందులోంచి ఒక పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్‌కు ఎదురు ఛార్జ్ ఉన్న జోడు కణం, బయటికొస్తది. చాలావరకు మిల్లీమీటరు లోపే తిరిగి ఒక ఎలక్ట్రాన్‌కు తగులుతది, రెండూ మాయమైతయి, వాటి బదులు రెండు ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, పుడతయి. ఒకటి ఇటు పోతే ఇంకోటి దాదాపు సరిగ్గా ఎదురు దిక్కుకు పోతది. ఒక్క కడుపున పుట్టిన కవలలు అవి. పేషెంట్ చుట్టూ ఉన్న గుండ్రటి వలయంలో రెండు ఎదురెదురు డిటెక్టర్లు ఒక్కసారే మోగితే, ఆ రెండింటి మధ్య గీత గీసి “ఈ గీత మీద ఎక్కడో పుట్టినయి” అంటం. అట్లాంటి గీతలు కోట్లల్లో పోగైతేనే బొమ్మ. ఆ రెండూ ఒక్కసారి రావడం యాదృచ్ఛికం కాదు, ఒకే పుట్టుక. దాన్ని కాకతాళీయం అంటే అర్థమే తలకిందులైతది.

హన్మకొండ తెలుగు టీచర్: అయ్యో, నేను ఇట్లా ఆలోచించలేదు. మరి “ఒక్కసారే” అంటే ఎంత ఒక్కసారి? నిజంగా అదే క్షణమా?

కరీంనగర్ టెక్నీషియన్: కాదు. వెలుతురు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతది. వలయం అడ్డకొలత ఇంచుమించు 80 సెంటీమీటర్లు. పుట్టింది ఒక అంచు దగ్గరైతే ఒకటి ముందు చేరుతది, ఇంకోటి రెండు మూడు నానోసెకన్లు ఆలస్యంగా చేరుతది. డిటెక్టర్ గడియారానికీ కొంచెం తడబాటు ఉంటది. అందుకే మిషన్ కొన్ని నానోసెకన్ల గడువు ఇస్తది, ఆ గడువులో వచ్చినవాటిని జంట అంటది.

మీ కాకి ఇక్కడే వస్తది మేడం. ఆ గడువులో రెండు వేరు వేరు కాన్పుల ఫోటాన్లు కూడా వచ్చి తగులొచ్చు. ఒకటి కాలేయంలో పుట్టింది, దాని జోడీ ఎటో తప్పిపోయింది. ఇంకోటి మూత్రాశయంలో పుట్టింది, దాని జోడీ కూడా పోయింది. మిగిలిన రెండూ ఒక్కసారే మోగినయి, మిషన్ గీత గీసింది, ఆ గీత మీద ఏమీ లేదు. వీటిని ఇంగ్లీషులో రాండమ్స్ అంటరు. మీ మాట వాటికి పెట్టండి, అంతకంటే మంచి తెలుగు నాకు దొరకదు.

జనగామ నిఘంటు ప్రేమి: ఒప్పుకుంటున్న, నేను సగమే చూసిన. కానీ నిజం జంట ఏదో, కాకి జంట ఏదో మిషన్‌కు ఎట్ల తెలుస్తది? రెండూ ఒకే తీరు ఉంటయి కదా.

కరీంనగర్ టెక్నీషియన్: ఒక్కొక్కటిగా తెలవదు. మొత్తం మీద ఎన్ని ఉన్నయో అంచనా వేస్తది. ఒక డిటెక్టర్ సిగ్నల్‌ను కావాలనే చాలా ఆలస్యం చేసి, రెండోదానితో పోలుస్తరు. అంత ఆలస్యంలో నిజమైన కవలలు కలిసే వీలే లేదు, కాబట్టి అప్పుడు కలిసినవన్నీ కాకతాళీయాలే. ఆ లెక్కను అసలు లెక్కలోంచి తీసేస్తరు. తీసేసినా వాటివల్ల బొమ్మలో మసక కొంత మిగుల్తది.

ఇంకో రకం ఉంది. నిజం కవలలే, కానీ ఒకటి ఒంట్లో దేనికో తగిలి దారి మళ్లింది. అది కాకతాళీయం కాదు, గీత మాత్రం తప్పు. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బయల్దేరిన ఫోటాన్‌కు తగిలినప్పుడు ఆ శక్తి తగ్గుతది కాబట్టి బాగా తగ్గినవాటిని వదిలేస్తం. కొంచెమే తగ్గినవి దూరిపోతయి.

కాజీపేట రైల్వే: నాకు మీ కాకి సంగతి పూర్తిగా అర్థం కాలేదు కానీ నాదొక బాధ. మా నాయిన స్కాన్ కోసం తెల్లారుజామున బండెక్కి, ఏమీ తినకుండా పోయినం. మందు బండి రెండు గంటలు లేటు అని చెప్పి ఇంకో రోజు రమ్మన్నరు. షుగర్ పేషెంటును పస్తులుంచి తిప్పి పంపుతరా? ఇన్సులిన్ లాగ ఫ్రిజ్‌లో రెండు రోజుల మందు పెట్టుకుంటే పోలే?

కరీంనగర్ టెక్నీషియన్: అన్నా, నాయినగారిని అట్ల తిప్పడం తప్పే, బండి లేటని ముందే ఫోన్ చేయాలె. కానీ ఇది ఫ్రిజ్‌తో ఆగేది కాదు. వేడైనా చల్లనైనా దాని తరుగుడు మారదు. మందు పేరు ఎఫ్‌డీజీ, అందులో ఫ్లోరిన్-18 ఉంటది. పది గంటలకు 10 మిల్లీక్యూరీలు ఉందనుకోండి, 110 నిమిషాలకు 5 అయితది. పన్నెండింటికి దాదాపు 4.7. సగం మందుతో నిజం జంటలు సగమే వస్తయి, అంతే బొమ్మ కావాలంటే రెండింతల సేపు పడుకోబెట్టాలె. బయట ఇంకో పదిమంది పస్తులతో ఉంటరు.

ఒక విశేషం చెప్తా. మందు సగమైతే నిజం జంటలు సగం అయితయి, కాకతాళీయాలు మాత్రం పావు అయితయి, ఎందుకంటే అవి కావాలంటే సంబంధం లేని రెండు కలవాలె. అందుకే బొమ్మ బాగా రావాలని రెండింతలు మందు ఎక్కించినా లాభం రెండింతలు కాదు, కాకతాళీయాలు నాలుగింతలైతయి.

హన్మకొండ తెలుగు టీచర్: మరి పది రోజులు నిలిచే పదార్థం వాడొచ్చు కదా? తిప్పలన్నీ పోతయి.

కరీంనగర్ టెక్నీషియన్: స్కాన్‌కు కావాల్సింది పేషెంట్ మిషన్‌లో పడుకున్న ఇరవై నిమిషాల్లో రావాల్సిన జంటలు. ఎక్కువ రోజులు నిలిచేది అదే వేగంతో జంటలు ఇచ్చిందంటే, స్కాన్ అయినాక కూడా పేషెంట్ ఒంట్లో రోజుల తరబడి మోగుతనే ఉంటది. సోడియం-22 కూడా పాజిట్రాన్లు ఇస్తది, దానికి సగం కావడానికి రెండున్నర ఏండ్లకు పైనే పడుతది. అది మిషన్ సరిచూసుకోవడానికి సీల్ చేసి వాడేదే గానీ మనిషికి ఎక్కించేది కాదు. మరీ తక్కువైనా కుదరదు. ఆక్సిజన్-15 రెండు నిమిషాల్లో సగమైతది, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ మిషన్ పక్క గదిలోనే ఉండాలె. మా మందును ఒంట్లోని జీవకణాలు పట్టుకోవడానికే గంట పడుతది. తయారీ, ప్రయాణం, ఆ గంట, అన్నీ పట్టేంత, ఎక్కువ మిగలనంత. 110 నిమిషాలు ఆ మధ్యలో పడింది.

కాజీపేట రైల్వే: అంటే 220 నిమిషాలకు మొత్తం పోతదా? అప్పుడు నాయిన మనవలను ఎత్తుకోవచ్చా?

కరీంనగర్ టెక్నీషియన్: మొత్తం పోదు అన్నా, సగంలో సగం, పావు మిగుల్తది. తెల్లారి అదే వేళకు దాదాపు 9 వేలలో ఒక వంతు. కొంత మూత్రంలో ముందే పోతది, అందుకే నీళ్లు బాగా తాగమంటరు. పిల్లల దగ్గర ఎన్ని గంటలు దూరం ఉండాలో మీకు స్కాన్ చేసినవాళ్లు చెప్పిందే పాటించండి.

హన్మకొండ తెలుగు టీచర్: అయితే రాండమ్స్‌కు “కాకతాళీయ జంటలు”, అసలువాటికి “కవల జంటలు” అని రాస్తున్న. “అర్ధాయువు” తీసేసి “సగమయ్యే కాలం” అని పెడుతున్న.

జనగామ నిఘంటు ప్రేమి: కవల అంటేనే జంట మేడం, రెండుసార్లు అయింది. “కవలలు” అంటే చాలు. “సగమయ్యే కాలం” మాత్రం నాకు నచ్చలేదు, పాఠ్యపుస్తకాల్లో మాట ఒకటి, ఆసుపత్రిలో మాట ఒకటి అయితే పిల్లలకు కష్టం.

హన్మకొండ తెలుగు టీచర్: కవలలు సరే సార్, మార్చుకుంటా. రెండోదానికి మాత్రం ఒప్పుకోను. ఈ కాగితం చదివేది పిల్లలు కాదు, మా పెద్దమ్మ.