ఇంటి సంస్కారాన్ని ఆదాయం నుంచి విడదీసి కొలవడం ఎలా?

ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు కోసం మా పట్టణంలోని ఒక ప్రభుత్వ పాఠశాల, ఒక ప్రైవేటు పాఠశాల కలిపి 84 మంది పదో తరగతి విద్యార్థుల ఇళ్లకు ప్రశ్నావళి పంపాను. బడి అందరికీ ఒకే పాఠం చెబుతున్నట్టు కనిపిస్తూనే, చదువుకున్న ఇళ్లలో ముందే అబ్బిన మాటతీరును, అలవాట్లను ప్రతిభగా లెక్కగట్టి మార్కులుగా మారుస్తుందన్న ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియెర్ బూర్దియో వాదనను పరీక్షించాలని నా ఉద్దేశం.

చిక్కు కొలమానం దగ్గర వచ్చింది. ఇంట్లో పాఠ్యపుస్తకాలు కాక ఎన్ని పుస్తకాలున్నాయని అడిగితే, ప్రభుత్వ బడి పిల్లలు దాదాపు అందరూ సున్నా అని రాశారు కాబట్టి వాళ్ల మధ్య తేడాలే తెలియలేదు. ఇంట్లో ఇంగ్లీషు వాడకం గురించి అడిగితే, ఆ జవాబు ఫీజు కట్టే స్తోమతతో కలిసిపోయింది. ఈ రెండింటినీ ఆదాయంతో పాటు రిగ్రెషన్‌లో పెట్టినప్పుడు, నలుగురైదుగురి జవాబులు తీసేస్తే చాలు, గుణకాలు ధనం నుంచి రుణానికి మారుతున్నాయి. తల్లి చదివిన తరగతిని చేర్చాక కొంత మెరుగైంది గానీ, అది సర్టిఫికెట్టు గురించి చెబుతుంది తప్ప పిల్లలకు ఏం అందిందో చెప్పదు. ట్యూషన్ ఖర్చును వదిలేశాను, అది నేరుగా డబ్బే కదా.

ఒక అంగన్‌వాడీ కార్యకర్త తన కొడుకు సెక్షన్ మార్చాలని ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి సాధించుకున్నారు; ఆమెకన్నా ఎక్కువ సంపాదించే లారీ యజమాని తల్లిదండ్రుల సమావేశంలో సంతకం పెట్టి మౌనంగా వెళ్లిపోయారు. నా ప్రశ్నావళికి ఈ తేడా అందలేదు.

బడితో మెలిగే ఈ నేర్పును, ఆదాయంతో కలిసిపోకుండా కొలవాలంటే తల్లిదండ్రులను ఏ ప్రశ్న అడగాలి?