సీఈహెచ్ ఉంది, ఓఎస్‌సీపీ పోయింది: ల్యాబ్ రిపోర్టులకు విలువ ఉంటుందా?

పెంటెస్టర్ ఉద్యోగాలకు ఆరు నెలలుగా అప్లై చేస్తున్నాను. 4 గంటల్లో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలుండే సీఈహెచ్ పాసయ్యాను. అది చూసి హెచ్ఆర్ వాళ్లు పిలుస్తున్నారు, కానీ టెక్నికల్ రౌండ్‌లో ఆగిపోతున్నాను. మొన్న ఒక లినక్స్ మెషీన్ ఇచ్చి, మామూలు యూజర్ నుంచి రూట్ దాకా వెళ్లమన్నారు. `sudo -l` కొట్టాను, పనికొచ్చేదేమీ కనిపించలేదు. ఆ తర్వాత ఎటు వెళ్లాలో తోచలేదు. నిర్వచనాలు వచ్చు, చేతికి అలవాటు లేదు.

ఓఎస్‌సీపీ కూడా రాశాను. 23 గంటల 45 నిమిషాల్లో 60 పాయింట్లే వచ్చాయి, పాస్ కావాలంటే 70 రావాలి. అప్పటి నుంచి సొంత ల్యాబ్‌లో మూడు మెషీన్లు ఛేదించి, ప్రతి అడుగూ స్క్రీన్‌షాట్లతో రిపోర్టులు రాసి రెజ్యూమెకి జోడించాను. రెండు నెలలైనా వాటి గురించి ఎవరూ అడగలేదు.

పెంటెస్టర్లను ఇంటర్వ్యూ చేసేవాళ్లు చెప్పండి: ఓఎస్‌సీపీ లేని అభ్యర్థి ల్యాబ్ రిపోర్టులో ఏం కనిపిస్తే అతను పని చేయగలడని నమ్ముతారు?